సుత్తి తన బల్ల మీద పెట్టుకున్న పెద్దమేడం

పెద్దమేడం పోయారని ఆదోని నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. బడి గేటు దగ్గర బస్సు ఆపించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "సారూ, మీ పెద్దమేడం తెల్లారి పోయినారంట, వాళ్ళ తమ్ముడు సెప్పమన్నాడు" అని, రైట్ చెప్పి వెళ్ళిపోయాడు. అతనూ ఆమె దగ్గర చదివినవాడే. నిలబడి ఏడవడానికి బస్సు ఆగదు కదా.

ఆమె మా ఎమ్మిగనూరు హైస్కూలుకు హెడ్మిస్ట్రెస్‌గా వచ్చేనాటికి నేను సైన్సు మేష్టర్ని. ఆమె బల్ల వెనక నేనిప్పుడు కూర్చుంటున్నాను. నిజం చెప్పాలంటే మొదట్లో ఆమె నాకు నచ్చలేదు. మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నంత పొదుపు. ఆగస్టు పదిహేనుకు కూడా నాలుగు ముక్కలు చెప్పి, "ఎండ ఎక్కువుంది, పిల్లల్ని కూర్చోబెట్టండి" అని దిగిపోయేవారు. మా తెలుగు మేష్టరు గంటసేపు దంచగల మనిషి. ఆయన ముందు ఈమె ఉపన్యాసం ఉప్పులేని రాగిసంకటిలా ఉండేది. స్టాఫ్‌రూంలో మేం నవ్వుకునేవాళ్ళం కూడా.

చీర కొంగు నడుముకు దోపుకుని వరండాలో తిరిగేవారు. పిల్లలు విడిచిన చెప్పులు చిందరవందరగా ఉంటే తిట్టకుండా కాలితో జత కలుపుతూ పోయేవారు. "పిల్లోళ్ళకు రెండుసార్లు సెప్పాల్సి వస్తే, మొదటిసారి మనం సరిగ్గా సెప్పలేదని" అనేవారు. ఆ మాటకు అర్థం నాకు షమీమ్ పోయిన మర్నాడు తెలిసింది.

షమీమ్ నా క్లాసు పిల్ల, ఎనిమిది బి. తండ్రి పరుపులు కుట్టే మనిషి. ఆయన తలలో ఎప్పుడూ ఇంత దూది ఉండేది. వేసవి ముదిరి ఊళ్ళో కొళాయిలు రాని రోజులు. ఆ పిల్ల సాయంత్రం బిందె తీసుకుని ఊరి బయట దిగుడుబావికి పోయింది. చీకటి పడకముందే శవాన్ని తీశారు.

ఊళ్ళో మాట నిప్పుకన్నా ముందు పరిగెడుతుంది. తెల్లారి నేను టీ కొట్టు దగ్గరికి పోయేసరికే "దూకిందంట" అంటున్నారు. బావిలో ఆడపిల్ల పడితే మనవాళ్ళ లెక్కలో ఆమె కాలు జారదు, ఎప్పుడూ దూకుతుంది. పెద్దమేడం నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరినప్పుడు, దారిలో ఆ మాటే నేనూ ఆమె చెవిన వేశాను.

ఆమె నడక ఆపారు. "నువ్వు సూసినావా అప్పా?"

"లేదు మేడం."

"మరి ఆ మాట నీ నోట్లో ఏం సేస్తాంది?"

 నా చెవులు వేడెక్కాయి. మిగతా దారి ఆమె వెనక నడిచాను.

ఇంటి ముందు ఆమె కుర్చీ వద్దని, ఆ తండ్రి పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. చాలాసేపయ్యాక అడిగారు. "అన్నా, ఇంగ కొంచేపటికి నేను పిల్లల ముందర నిలబడాల. షమీమ్ గురించి ఏం సెప్పమంటావు? నువ్వు సెప్పమన్నదే సెప్తా. వద్దన్నది సెప్పను."

ఆయన తలలో దూది అలాగే ఉంది. "కాలు జారింది మేడం. దాని సెల్లెలు సిన్నమ్మి కూడా ఎంటే ఉన్నింది, కండ్లారా సూసింది. ఆ మెట్లకు పాచి... అంతే సెప్పండి. జనం ఏమేమో అంటాండారు. మీరన్నా అంతే సెప్పండి."

"అంతే సెప్తా."

వాళ్ళ బంధువుల పిల్లలెవరైనా బడిలో ఉన్నారా అని కూడా అడిగారు. ఆరో తరగతిలో షమీమ్ మేనమామ కూతురుంది, రాత్రి నుంచీ అమ్మమ్మ ఇంట్లోనే ఉందిగనక ఆ పిల్లకు సంగతి తెలియదు. గుంపులో వినకూడదని, దారిలోనే ఆ ఇంటికి పోయి, వాళ్ళ అమ్మమ్మ చేతనే చెప్పించి, అక్కడే వదిలి వచ్చాం.

బడికి రాగానే స్టాఫ్ అంతటినీ పిలిచారు. తెలుగు మేష్టరు అప్పటికే ఒక కాగితం సిద్ధం చేశారు. విధి వక్రించడం, మొగ్గలోనే రాలిపోవడం, కాలం కాటేయడం, అన్నీ ఉన్నాయి. నాకైతే కళ్ళు చెమర్చాయి. ఆమె చదివి, మర్యాదగా మడిచి ఆయనకే ఇచ్చారు. "బాగుంది సార్. కానీ ఆరో తరగతి పిల్లోడు దీన్ని ఇని, షమీమ్‌ను ఏదో కరిసిందనుకుంటాడు. చనిపోయిందని సెప్దాం."

తర్వాత మా అందరికీ ఒకటే మాట నేర్పారు, చిన్నపిల్లలకు ఎక్కం నేర్పినట్టు. కాలు జారి పడింది. వాళ్ళ నాయన చెప్పింది ఇదే. ఇంతకుమించి ఎవరైనా అడిగితే, తెలియదని చెప్పాలి. "తెలీదని సెప్పేదానికి మేష్టర్లకు నామోషీ. ఈ పొద్దు నామోషీ పడొద్దండి." ఎవరు ఏ క్లాసులో కూర్చోవాలో చెప్పారు. పాఠం చెప్పవద్దన్నారు, బయటికీ పోవద్దన్నారు. నీళ్ళ కుండలు నింపించారు.

చివరికి ప్యూన్‌ను పిలిచి, గంట కొట్టే సుత్తి అడిగి తీసుకున్నారు. మా బడి గంట వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క. ఆ సుత్తిని తన బల్ల మీద పెట్టుకుని, "ఈ పొద్దు గంట లేదు" అన్నారు. అదేం చాదస్తమో అనుకున్నాను.

ఎనిమిది బి పిల్లల్ని వెంటనే మైదానానికి పంపలేదు. వాళ్ళ గదికే పోయి, తలుపు దగ్గరగా వేసి, ముందు వాళ్ళకు చెప్పారు. షమీమ్ పక్కన కూర్చునే పిల్ల చెయ్యి పట్టుకునే చెప్పారు. ఆ తర్వాతే అసెంబ్లీ. ప్రార్థన అయ్యాక రోజూ చదివే వార్తలు, మంచిమాట వద్దని, పిల్లలందరినీ ఇసుకలో కూర్చోమన్నారు. కాగితం లేదు. మైకు లేదు. గొంతు కూడా పెంచలేదు. వినడానికి పిల్లలే నిశ్శబ్దమయ్యారు.

"మీకొక బాధపెట్టే సంగతి సెప్పాల. ఎనిమిది బి షమీమ్ నిన్న సాయంత్రం చనిపోయింది. నీళ్ళకు పోయి, బావి మెట్ల మీద కాలు జారి పడింది. వాళ్ళ నాయన నాతో సెప్పింది ఇదే, నాకు తెలిసింది ఇదే. దీనికి మీరు ఇంకో మాట కలపొద్దండి. ఎవరన్నా కలిపితే, మా మేడం ఇట్ల సెప్పిందని సెప్పండి.

"షమీమ్ ఇంగ బడికి రాదు. మీకు ఏడుపొస్తే ఏడ్సండి. రాకపోతే అది తప్పు కాదు. కొందరికి ఆలస్యంగా వస్తాది. మీలో షమీమ్‌తో మొన్ననో నిన్ననో కొట్లాడినోళ్ళు ఉంటారు. కొట్లాటకు ఎవరూ చనిపోరు. అది గుర్తుపెట్టుకోండి.

"ఇప్పుడు కొంచేపు ఊరికే కూర్చుందాం. కండ్లు మూసుకోనక్కర్లేదు. పక్కనోళ్ళ చెయ్యి పట్టుకున్నా పర్వాలేదు. తర్వాత క్లాసులకు పోదాం. పాఠాలుండవు. మీ మేష్టర్లు మీ దగ్గరే ఉంటారు, ఏమన్నా అడగండి. నేను నా రూంలో ఉంటా, తలుపు తీసే ఉంటాది."

అంతే. మంచి పిల్ల అనలేదు, దేవుడికి ఇష్టమై తీసుకుపోయాడనలేదు, బావుల దగ్గర జాగ్రత్త అని నీతి చెప్పలేదు. నా వరసలో చివర కూర్చున్న ఒకమ్మాయి, మొన్న షమీమ్ జడ లాగిన పిల్ల, మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆ కొట్లాట మాట ఆమె ఎవరికోసం చెప్పారో అప్పుడు తెలిసింది. క్లాస్ మేష్టర్నైన నాకు ఆ జడ సంగతి తెలుసు. ఆ పిల్ల ఏమనుకుంటుందోనన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. పొద్దున దారిలో నేను మోసుకొచ్చిన మాట గుర్తొచ్చి, ఇసుక వైపు చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి ముందు ఆమే ఒక్కో గదికి వెళ్ళి, "ఇంగ ఇండ్లకు పోండి, మెల్లగ" అని ఒక్కో తరగతిని పంపారు. ఒక తరగతి గేటు దాటాక ఇంకోటి. చెప్పులు చేతుల్లో పట్టుకుని పిల్లలు చప్పుడు లేకుండా పోయారు. షమీమ్ జనాజాను మోసుకుని బడి ముందు నుంచే పోయారు. ఆ తండ్రి బడి వైపు ఒకసారి తిరిగి చూశాడు. గేటు దగ్గర పెద్దమేడం ఒక్కరే నిలబడి ఉన్నారు.

అందరూ పోయాక అడిగాను, ఆ సుత్తి ఎందుకు తీసుకున్నారని. దాన్ని చేతిలోకి తీసుకుని చెప్పారు.

"ఆదోనిలో నేను కొత్తగా హెడ్మిస్ట్రెస్ అయిన ఏడు, ఏడో తరగతి పిల్లోడొకడు మెదడు జ్వరమొచ్చి పోయినాడు. వాళ్ళ నాయన జిన్నింగు మిల్లులో హమాలి. ఆ పొద్దు శానా బాగా మాట్లాడినానప్పా. మేష్టర్లు ఏడ్సినారు. మొగ్గలూ పూలూ అన్నీ సెప్పినా. మౌనం కూడా పాటించినాం. ఆఖర్న, ఆ బిడ్డ ఆత్మశాంతికి ఈ పొద్దు సెలవు అన్నా. ప్యూను లాంగ్ బెల్లు కొట్టినాడు."

నేను ఊహించగలిగాను. ఏ బడిలోనైనా అంతే. లాంగ్ బెల్లు మోగితే పిల్లలు ఏం చేస్తారో తెలియని మేష్టరు ఉండడు.

"హేయ్ అని ఒకటే కేక. గంతులేసుకుంటా ఉరికినారు. గేటు దగ్గర వాళ్ళ నాయన నిలబడుకోనుండాడు, సిన్న కొడుకును ఇంటికి పిలుచుకుపోదామని వచ్చినాడు. ఆ కేకంతా ఇన్యాడు."

"పిల్లలు కదా మేడం."

"పిల్లల తప్పేముంది? సావు పక్కన సెలవును పెట్టింది నేను. సిగ్గుతో సచ్చిపోయి, సాయంత్రం వాళ్ళింటికి పోయినా, క్షమించమని అడుగుదామని. నా నోరు తెరవనియ్యలేదు. పిల్లోళ్ళు కదా మేడం, మావోడు ఉండింటే వాడూ అరిసిండేవాడే, అన్నాడు." సుత్తిని మళ్ళీ బల్ల మీద పెట్టి, "ఒక తిట్టు తిట్టింటే బాగుండేదప్పా" అన్నారు.

ఉపన్యాసాలు పొదుపుగా ఉంటాయని మేం నవ్వుకున్న మనిషి ఆమె. ఒక మంచి ఉపన్యాసం ఇచ్చిన సిగ్గును అన్నేళ్ళు మోస్తున్నారని మాలో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే నవ్వేవాళ్ళం కాదు అని రాయాలనుంది, కానీ నవ్వు ముందు పుట్టి, తెలివి తర్వాత పుడుతుంది.

మొన్న కండక్టరు చెప్పిన కబురు పిల్లలకు నేను చెప్పాల్సి వచ్చింది. ఆదోనికి మనిషిని పంపి, వాళ్ళ తమ్ముణ్ణి అడిగించాను, ఏం చెప్పమంటారని. నిద్రలో గుండె ఆగిందని, అంతే చెప్పమన్నాడు. స్టాఫ్‌ను పిలిచి అదే మాట చెప్పాను. ప్యూన్ దగ్గర సుత్తి తీసుకుని బల్ల మీద పెట్టాను. పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టి, పెద్దమేడం చనిపోయారని చెప్పాను. ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఆమె తెలియదు. ఏడుపు రాకపోతే తప్పు కాదన్నాను. సెలవు అనే మాట ఎత్తలేదు. మధ్యాహ్నం ఒక్కో తరగతినీ నేనే పంపాను. చెప్పులు చేతుల్లో పట్టుకుని, తలలు వంచుకుని, గేటు దాటారు. మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా.

వాళ్ళు గోడ మలుపు తిరిగారు. అవతల నుంచి, ఒకే ఒక్క గొంతు, "హేయ్!" అంది. వెంటనే ఎవరో దాని నోరు మూశారు.

నా ముఖం వేడెక్కింది. గదిలోకి వచ్చి కూర్చుంటే, ఎప్పుడో ఆదోనిలో ఆ హమాలి అన్న మాట, ఆమె గొంతులోనే, మళ్ళీ వినబడింది. బల్ల మీద సుత్తి ఉంది. బయట వేపచెట్టుకు రైలుపట్టా ముక్క గాలికి మెల్లగా తిరుగుతోంది, చప్పుడు లేకుండా.