పేరు లేని గడి

మా ఆయన్ని గోడౌన్‌లో అందరూ మినిట్స్ గారు అనేవారు. అసలు ఉద్యోగం ఆఫీసు గుమాస్తా. కానీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం అక్కడ మీటింగు జరిగేది, అందులో ఏం తేల్చారో రాసి అందరికీ మెయిలు పంపే పని ఈయన మెడకు చుట్టుకుంది. ఎవరూ చెయ్యనన్న పనులు ఈయన దగ్గరకే వచ్చేవి. వద్దనడం చేతకాని మనిషి.

శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి చొక్కా జేబులో మడతపెట్టిన కాగితాలు ఉండేవి. శనివారం పొద్దున వాటిని ముందేసుకుని, పొడుగు నోట్‌బుక్కులో గళ్లు గీసేవారు. ముందు నోట్‌బుక్కులో చేత్తో రాసుకుని, తర్వాతే కంప్యూటర్లో కొట్టేవారు. నాలుగే గళ్లు. ఏం చెయ్యాలి, ఎవరు చెయ్యాలి, ఎప్పటిలోగా, ఎంతవరకు వచ్చింది. నేను పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతుంటే పైకి చదివి వినిపించేవారు. నేను చదివింది ఏడో తరగతి. అయినా రెండేళ్లు వినేసరికి ఆ గోడౌన్‌లో ఏ తలుపు పట్టదో, ఏ మూల వాన కారుతుందో నాకు తెలిసిపోయింది.

"ఇక్కడ చూడు, 'అందరూ చూసుకోవాలి' అని రాయమన్నాడు మేనేజరు. అందరూ అంటే ఎవరూ కాదన్నమాట. ఒక గడికి ఒకటే పేరు ఉండాలి" అనేవారు.

"మరి మన వంటింటి కుళాయి కారుతోంది కదా, దానికి ఎవరి పేరు?" అన్నాను ఒకసారి.

నవ్వుకుంటూ ఒక చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించారు. వంటింటి కుళాయి, నేను, ఆదివారం. ఆ ఆదివారం నిజంగానే బాగుచేశారు. రాసిన తేదీ దాటితే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

మెయిలు చివర ఎప్పుడూ ఒక వాక్యం ఉండేది. ఇందులో తప్పులుంటే రెండు రోజుల్లో చెప్పండి, చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని. తర్వాతి శుక్రవారం మీటింగు పాత మెయిలుతోనే మొదలయ్యేది. అయినవి కొట్టేసేవారు, కానివి కొత్త తేదీతో ముందుకు జరిగేవి. మర్చిపోవడానికి వీల్లేదు. అందుకే ఆయనంటే కొందరికి ఒళ్లు మంట. "వచ్చాడండీ చిత్రగుప్తుడు" అని వెనకాల అనేవారట. ఆ మాట కూడా ఆయనే వచ్చి చెప్పి నవ్వేవారు.

ఆ గోడౌన్‌లో సామాన్ల లిఫ్టు ఒకటుంది. దాని తలుపు తెరిచి ఉంటే లిఫ్టు కదలకూడదు. అలా ఆపేది తలుపుకున్న తాళం. రెండో అంతస్తులో ఆ తాళం పాడైంది. తలుపు బార్లా తెరిచి ఉన్నా కింద ఎవరైనా బటన్ నొక్కితే లిఫ్టు వెళ్లిపోయేది. మీటింగులో ఆ సంగతి వచ్చింది. మార్పించాలన్నారు. అంతవరకు లిఫ్టు ఆపేద్దామా అని ఈయన అడిగితే, సరుకు ఎలా దించుతావు, భుజాన మోస్తావా అన్నాడట మేనేజరు. ఆ మాట మాత్రం మినిట్స్‌లో వద్దన్నాడు.

ఆ శనివారం ఆయన నోట్‌బుక్కులో రాసుకున్నారు. లిఫ్టు తాళం, మెయింటెనెన్స్ హెడ్డు, పదిహేనో తారీకు. మెయిలు పంపే ముందు, పాపం మర్యాదకి, తేదీ సరిపోతుందా అని ఆ హెడ్డుకి ఫోన్ చేశారు. అవతల గొంతు నాకు గరిటె పట్టుకున్నచోటికి కూడా వినిపించింది.

"నా పేరెందుకు రాస్తావయ్యా? నేను ఒప్పుకున్నానా? కొత్తది కొనడానికి అనుమతి రాలేదు, నంబరు ఏదో తెలీదు. తీసెయ్ నా పేరు."

ఫోన్ పెట్టేసి పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఒక పేరు కొట్టేశారు, ఇంకొకటి తోచలేదు. భోజనం వడ్డించి అరగంటైంది. పిలిచి పిలిచి విసిగిపోయాను.

"గడి ఖాళీగా పంపనా మరి?" అన్నారు, నన్నడిగినట్టు కాదు, తనలో తను.

"ఖాళీగా ఏం బాగుంటుంది? ప్రస్తుతానికి మీ పేరే రాసేసి లేవండి. అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

రాసేశారు. కొట్టేసిన పేరు పక్కన చిన్న అక్షరాలతో, ఫోన్‌లో వద్దన్నారు, వేరే పేరు తేలేదాకా నేను, అని రాసుకున్నారు. అది నోట్‌బుక్కులో. మెయిల్లో ఉత్త పేరే వెళ్లింది.

వేరే పేరు ఎప్పటికీ తేలలేదు. పదిహేనో తారీకు పోయి ఇరవై రెండు వచ్చింది. అది కూడా పోయింది. ప్రతి శుక్రవారం మేనేజరు వేలు పెట్టి చూపించి, "ఏమయ్యా మినిట్సూ, అందరి తేదీలూ అడుగుతావు, నీ తేదీ సంగతేంటి?" అనేవాడట. అందరూ నవ్వేవారట. కొనే అధికారం ఈయనకి లేదు, లిఫ్టు ఆపే అధికారం లేదు. రాసే అధికారం ఒక్కటే ఉంది. అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తే, పాత తాళం మీద నంబరు చెప్పండి అన్నారు. నంబరు చూసి పెట్టమని మెయింటెనెన్స్ హెడ్డుని అడిగితే, "నీ పేరు మీద పని నువ్వే చూసుకో" అన్నాడు. మెకానిక్కు సెలవులో ఉన్నాడు.

ఇరవై తొమ్మిదో తారీకు మూడో గడువు. పొద్దున్నే టార్చిలైటు జేబులో పెట్టుకుని వెళ్లారు. రెండో అంతస్తులో తలుపు తెరిచి, ఒక కాలు లిఫ్టులో, ఒక కాలు బయట పెట్టి, తాళం మీద నంబరు చదువుతుంటే కింద ఎవరో బటన్ నొక్కారు. ఎవరిదీ తప్పు కాదు. కిందవాళ్లకు పైన మనిషి ఉన్నాడని ఎలా తెలుస్తుంది? చేతిలోని కాగితం మీద మూడు అంకెలు రాసి ఉన్నాయి. మిగతావి రాయనేలేదు.

పెద్దకర్మ అయ్యాక నన్నూ మా మరిదినీ ఆఫీసుకు పిలిచారు. పొడుగు బల్ల. అటు మేనేజరు, మెయింటెనెన్స్ హెడ్డు. చివర్లో ఆయన కుర్చీలో కొత్తగా చేరిన అమ్మాయి, ఒళ్లో నోట్‌బుక్కు. మేనేజరు ఒక కాగితం నా ముందుకు తోశాడు.

"మాకూ బాధగానే ఉందమ్మా. కానీ రిపోర్టు రాసి పైకి పంపాలి కదా. చూడండి, ఆ పని ఆయనదే. రెండు తేదీలు దాటించారు. మెకానిక్కు లేకుండా తనే వెళ్లారు. ఆయన అజాగ్రత్త అని రాయక తప్పదు."

అజాగ్రత్త. కుళాయి చీటీ అంటించుకున్న మనిషికి ఆ మాట. నాకు కావలసింది ఒకటే, ఆ మాట తియ్యాలి. సంచీలోంచి పొడుగు నోట్‌బుక్కు తీసి ఆ పేజీ తెరిచి పెట్టాను. కొట్టేసిన పేరు, పక్కన చిన్న అక్షరాలు.

మెయింటెనెన్స్ హెడ్డు వంగి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా గొంతు మారలేదు. "ఇది ఇంట్లో రాసుకున్న చిత్తు కాగితం కదమ్మా. మెయిల్లో ఉన్నదే లెక్క. రెండు రోజుల్లో ఆయనైనా కాదనలేదు."

"తన మెయిలుకి తనే జవాబు రాసుకుంటాడా సార్?" అన్నాడు మా మరిది.

అప్పుడు నేనడిగాను. "ఆ తాళం ఇప్పుడైనా మార్చారా?"

"మారుస్తామమ్మా" అన్నాడు మేనేజరు.

"ఎవరు? ఎప్పటిలోగా?"

"ఇల్లంతా మినిట్సే అన్నమాట" అని మెయింటెనెన్స్ హెడ్డు నవ్వబోయి, ఎవరూ కలవకపోతే మానేశాడు.

మేనేజరు ఆ అమ్మాయి వైపు తిరిగాడు. "రాసుకో. లిఫ్టు తాళం, సంబంధిత విభాగం, వీలైనంత త్వరగా." ఆ అమ్మాయి పెన్ను ఒక్క క్షణం ఆగింది. తర్వాత రాసుకుంది.

మర్నాడు ఆ మినిట్స్ మా మరిది ఫోన్‌కి వచ్చాయి. అజాగ్రత్త మాట అలాగే ఉంది. కింద ఆయన రాసే వాక్యమే, రెండు రోజుల్లో చెప్పండి అని. మేం చెప్పాం. నేను చెబుతుంటే మరిది కొట్టాడు. మొదటిదానికి మేం ఒప్పుకోవడం లేదు. రెండోదానికి మనిషి పేరు లేదు, తేదీ లేదు. నోట్‌బుక్కు పేజీ ఫోటో తీసి జతచేసి, ఆ మెయిలు అందుకున్నవాళ్లందరికీ పంపించాం. జవాబు రాలేదు. వారానికి ఇంకో మెయిలు వచ్చింది. మొదటి వరుస, పోయిన మీటింగు మినిట్స్ అందరూ ఒప్పుకున్నారు. ఆ తర్వాత మాకు మెయిళ్లు రావడం ఆగిపోయింది. రిపోర్టు పైకి వెళ్లిపోయింది. ఆ మాటతోనే వెళ్లింది.

రెండు వారాలకు ఒక శనివారం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. నా ఫోన్ నంబరు ఎక్కడ సంపాదించిందో అడగలేదు.

"ఆంటీ, పైఆఫీసు నుంచి అడిగారట, విభాగం పేరు కాదు, మనిషి పేరు కావాలని. మేనేజరు గారు ఎవరో ఒకరి పేరు పెట్టు అన్నారు. హెడ్డు గారిని అడిగితే కసిరారు. మధ్యాహ్నంలోగా పంపాలి. పోనీ ప్రస్తుతానికి నా పేరు..."

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఖాళీగా వదిలెయ్."

"ఖాళీగా ఉంటే తిడతారు ఆంటీ."

"తిట్టించుకో. తిడితే ఏం కాదు. నీ పేరు మాత్రం రాయకు. పైఆఫీసు వాళ్లు ఆ మెయిలు చూస్తారా?"

"వాళ్లకీ వెళ్తుంది."

"అయితే గడి గీసి ఖాళీగా పంపు. ఒప్పుకున్నవాళ్లు లేరు అని పక్కన రాయి. కంటికి కనపడాలి."

సరే ఆంటీ అని పెట్టేసింది.

శుక్రవారం మళ్లీ చేసింది. పంపిన పావుగంటకే పైనుంచి ఒక్క ముక్క వచ్చిందట, ఇది ఎవరిది అని. సాయంత్రానికి ఆ గడిలో మెయింటెనెన్స్ హెడ్డు పేరు ఎక్కింది, లిఫ్టు ఆపేశారు. బుధవారానికి కొత్త తాళం బిగించారు. "నాలుగు రోజులు పట్టిందంతే ఆంటీ" అంది సంబరంగా. నాలుగు రోజులు.

రిపోర్టు సంగతి అడిగాను. అది మారదట, మూసేశారట.

సంతోషం తల్లీ, జాగ్రత్త అన్నాను. అంతకుమించి ఏం చెప్పను? ఆ అమ్మాయికి నేనిచ్చిన సలహా ఆ శనివారం మా ఆయనకు ఇవ్వలేదని చెప్పనా? మా మరిదికే చెప్పలేదు. నోట్‌బుక్కులో ఉన్న చిన్న అక్షరాల్లో కూడా నా మాట లేదు. ఆయన రాయలేదు. రాయాల్సినవన్నీ రాసే మనిషి అదొక్కటీ వదిలేశారు.

ఇంకో పావుగంట కూర్చోనిచ్చి ఉంటే గడి ఖాళీగానే పంపేవారేమో. అన్నం చల్లారితే చల్లారేది.