ముందు ఫోన్ చేసి రండి

ఏలూరు పక్కనే వట్లూరులో ఇందు, హెప్సిబా కలిసి అద్దెకుంటున్నది ఒక గది, ఒక వంటిల్లు. ఇందుకి తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు ఆఫీసు పని, పొద్దున్నే ఏలూరులో రైలందుకోవాలి. హెప్సిబా ఏలూరులో ఓ బట్టలషాపులో బిల్లులు కొడుతుంది. కొల్లేటి లంకలోని ఆమె చుట్టాలకి ఏలూరులో ఏ పనిపడినా ఆ రాత్రికి ఆ గదే దిక్కు. చీకటిపడితే లంకకి బస్సుండదు మరి.

మొదట్లో ఇందుకీ సరదాగానే ఉండేది. హెప్సిబా మేనత్త సుగుణ చేపల పులుసు తెచ్చేది. "ఏవే ఇందమ్మా, పుల్లలా అయిపోయావు! మిల్లులో ఉండి బియ్యానికి మొహం వాచావా?" అని కసిరేది. కానీ వారం తప్పకుండా ఎవరో ఒకరు. బాత్రూం దగ్గర వరస, రైలు తప్పడం, మేనేజరు చీవాట్లు.

ఓ ఆదివారం హెప్సిబా చర్చి నుంచి రాగానే ఇందు కదిపింది. "కోపం కాదే. నిద్ర చాలట్లేదు. ఒక పద్ధతి పెట్టుకుందాం."

బేరమాడుకున్నారు. ఒక్కొక్కరి తరఫునా నెలకి రెండు రాత్రులు. ముందురోజే చెప్పాలి, రెండో మనిషి సరేననాలి. వచ్చినవాళ్ళ పడక వంటింట్లో. ఇందు స్నానమయ్యేదాకా బాత్రూం ఖాళీ.

"ఆస్పత్రి పనైతే లెక్కలోకి రాదు. ఒక ఫోన్ చేస్తే చాలు," అని ఇందే అంది.

ఇద్దరికీ ఒకటే రూలు. కాకపోతే ఇందు వాళ్ళకి ఏలూరులో ఇద్దరు బాబాయిల ఇళ్ళున్నాయి. హెప్సిబా వాళ్ళకి ఊరు మొత్తమ్మీద ఈ గదొక్కటే. ఆ తేడా ఆ రోజు ఇందుకి తట్టలేదు.

చుట్టాలు రావడం మానేశారు. ఇందు హాయిగా నిద్రపోయింది. వాళ్ళతో ఏం చెప్పావని హెప్సిబాని అడగలేదు.

ఒక పొద్దున ఏలూరు స్టేషన్ బెంచీ మీద, కంటికి కట్టుతో, సుగుణ కనిపించింది.

"అత్తా! ఇక్కడేంటి?"

"నిన్న ఆపరేషన్ చేసి పంపేశారండీ. ఇవాళ కట్టు విప్పుతారంట."

కన్ను కోసే ఊరికి, ఆ కన్నుతో రాత్రి తలదాచుకునే చోటు చూపించాలని తోచలేదు.

"గదికి రావచ్చుగా?"

"మీకు ఇబ్బందంట కదండీ. మాబోటోళ్ళం వస్తే..." ఆపేసింది. "ఏం లెండి."

అది కాదత్తా, నిద్ర కోసమే అందామనుకుంది ఇందు. రైలు వదిలేసి ఆమెని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"ఆస్పత్రి పనైతే రావచ్చని మీవాళ్ళకి చెప్పలేదేం?" సాయంత్రం హెప్సిబాని నిలదీసింది.

"మావాళ్ళని రావద్దని నా నోటితో ఎలా అనను? ఇందు ఒప్పుకోవాలంట, ముందు ఫోన్ చేసి రండి అన్నాను. అంతే." హెప్సిబా కళ్ళు తుడుచుకుంది. "నువ్వైనా ఒక్కసారి వాళ్ళతో మాట్లాడావా?"

లేదు. రూలు తనదీ, చెప్పే పని హెప్సిబాదీ అయిపోయింది.

ఆ రాత్రే ఇద్దరూ స్పీకర్ పెట్టి లంకకి ఫోన్ చేశారు. "అత్తా, ఆస్పత్రికొస్తే అడగక్కర్లేదు. నేరుగా వచ్చేయ్," అంది ఇందు.

"అలాగేనండీ."

మళ్ళీ చూపించుకోవాల్సిన రోజుకి ఇందు వంటింట్లో చాప పరిచి ఉంచింది. సుగుణ తొలి బస్సుకొచ్చి, ఆస్పత్రిలో చూపించుకుని, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయిందట.