ఎర్ర లైను తేలేదాకా పేజీలు పంచని పిల్ల

మా మేనకోడలు పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని వంక చూసి, "ముందు నన్నేమని పిలుస్తారో తేల్చండి, తర్వాత ఏడుస్తాను" అంది. ఎన్నిసార్లు చెప్పినా మా చెల్లెలు ఈ సంగతి నమ్మదు. కన్నది తనే కావచ్చు, ఆ సమయానికి ఒంటిమీద తెలివుంటే కదా!

ఇప్పుడా పిల్ల అనువాదాల ఆఫీసులో పనిచేస్తోంది. కింద మందుల షాపు, పైన వీళ్ల గది. ఆరు బల్లలు, ఒక ప్రింటరు, తీస్తే మూతపడని కిటికీ. కాన్వెంటు సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు వృథా పోకూడదని, ఈ వయసులో నేనూ అక్కడొక బల్ల సంపాదించాను. అందరూ ఆమెను కొలబద్ద అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే.

కిడ్నీలు పాడైనవాళ్లు ఇంట్లోనే రక్తం శుద్ధి చేసుకునే యంత్రం ఒకటుంది. దాన్ని వాడే తీరు చెప్పే లావుపాటి పుస్తకాన్ని మేం ఐదుగురం పంచుకుని తెలుగులోకి తేవాలి. కొలబద్దకు సొంతంగా అప్పజెప్పిన మొదటి పెద్ద పని అదే. మేం పేజీల కోసం చేతులు చాపుకుని కూర్చుంటే, ఆవిడ మాత్రం పుస్తకమంతా తిరగేస్తూ మాటిమాటికీ వచ్చే మాటలు ఏరుకుంటోంది.

యజమానికి ఓపిక నశించింది. "ముహూర్తం కోసం చూస్తున్నావా అమ్మా? పంచి పారెయ్. తేడాలుంటే చివర్లో దిద్దుకుందాం."

"చివర్లో అయితే ఐదుగురి రాతా మొదట్నుంచీ గాలించాలి సార్. ఒక్క వారం ఇవ్వండి, ఏ మాటకు ఏ తెలుగు వాడాలో ఖాయం చేసేస్తాను."

"వారమా? సాయంత్రానికి పంపకం మొదలవకపోతే ఈ పని ఇంకొకళ్లకి ఇచ్చేస్తా. తర్వాత చెప్పలేదనకు."

పిల్ల ముఖం చిన్నబోయింది. కాసేపు పెన్ను కొరికి, లేచి, మా ఐదుగురికీ పేజీలు ఇచ్చింది. అయితే అందరికీ అవే రెండు పేజీలు!

"ఒకరి రాత ఒకరు చూడకండి."

"ఈ వయసులో నాకు పరీక్షేమిటే?" అన్నాను.

"మీకు కాదు మావయ్యా, పుస్తకానికి."

మధ్యాహ్నానికి ఐదు రాతలనూ పక్కపక్కన పరిచి యజమానిని పిలిచింది. ఒక గొట్టాన్ని కిటికీ పక్క బల్లావిడ 'బయటికి వచ్చే గొట్టం' అంది. నేను 'లోపలికి వెళ్లే గొట్టం' అన్నాను. మిగతా ముగ్గురివీ ఇంకో మూడు పేర్లు.

"ఒంట్లోంచి బయటికే కదండీ వచ్చేది!" అందావిడ.

"యంత్రం లోపలికే కదమ్మా వెళ్లేది!" అన్నాను నేను.

ఇద్దరం సరిగ్గానే రాశాం. యజమాని అటూ ఇటూ చూశాడు. "ఇంతకీ ఇవి రెండు గొట్టాలా?"

"ఒకటే సార్. ఇంట్లో రోగీ, ఆయన భార్యా ఉంటారు. ఆవిడ ఈ పుస్తకం చూసి ఒక చోట ఒకటి బిగించి, ఇంకో చోట వేరేదనుకుని వెతుక్కుంటే?"

యజమాని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వారం సరిపోతుందా?" అన్నాడు.

యంత్రం వాడటం రోగులకు నేర్పే నర్సమ్మకు ఫోన్ చేస్తే, "మా వార్డులో అందరూ ఎర్ర లైను, నీలం లైను అంటారు. గొట్టాలకుండే క్లిప్పుల రంగులే అవి" అంది. కొలబద్ద మా అందరి కంప్యూటర్లలోనూ కనిపించే పదకోశంలో 'ఎర్ర లైను' ఎక్కించి, ఒంట్లోంచి యంత్రానికి రక్తం తెచ్చే గొట్టమని వివరం రాసి, మా ఐదు పేర్లలో అది కాని ప్రతిదానికీ 'వాడకూడదు' అని తగిలించింది. ప్రతి ముఖ్యమైన మాటకూ అంతే. జాబితా కంపెనీకి పంపి, వాళ్లు ఒప్పుకున్నాకే ఖాయం చేసింది.

దాంతోపాటే శైలి నియమాలు. చదివేవారిని 'మీరు' అనాలి. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి. హెచ్చరిక పనికి ముందే రావాలి. యంత్రం తెర మీద మాటలు ఇంగ్లీషులోనే కనిపిస్తాయి కాబట్టి వాటిని అలాగే ఉంచి, పక్కన అర్థం ఇవ్వాలి. 'రక్తం ఊరంతా షికారు చేసి వచ్చినట్టు' అని నేను రాసిన ముచ్చటైన వాక్యం మీద గీత పడింది.

"మావయ్యా, రోగి మంచం దిగి పారిపోతాడు."

ఆ తర్వాతే అధ్యాయాలు పంచింది. పని సగంలో ఉండగా వడపోత గొట్టం పేరు మార్చమని కంపెనీ వాళ్లు అడిగారు. మళ్లీ మొదట్నుంచీ గాలించాలి కాబోలనుకున్నాను. ఆమె కోశంలో ఒక్క చోట మార్చింది. పాత పేరు ఎక్కడెక్కడ మిగిలిందో మా కంప్యూటర్లే పట్టిచ్చాయి. ఒక్కోటీ చూసుకుని దిద్దేశాం. గడువుకు ముందే పుస్తకం వెళ్లిపోయింది. కట్టలు కట్టలుగా వచ్చే దిద్దుబాట్ల కోసం యజమాని ఎదురుచూశాడు. పుస్తకం చదివి చూసిన నర్సమ్మ పంపినవి ఒక్క పేజీలో సరిపోయాయి.

మొన్న ఇంకో పెద్ద పని వచ్చింది. యజమాని ఫోను చేత్తో మూసి, అవతలివాళ్లకు గడువు చెప్పేముందు కొలబద్ద బల్ల దగ్గరికే నడిచొచ్చాడు.

"మాటలు తేల్చడానికి ఎన్నాళ్లు కావాలమ్మా?"

"ముందు పుస్తకం చూడనివ్వండి సార్."

యజమాని ఫోనులో, "రేపు చెప్తామండీ" అన్నాడు.