వేంపల్లె రైతు సగటు

రిటైరయ్యాక కర్నూలులో ఒక డెయిరీ ఆఫీసులో లెక్కలు విశ్లేషించే పనిలో చేరాను. ఒక నెల ఉమ్మడి రిపోర్టులో వేంపల్లె పాలకేంద్రం రైతు సగటు, అంటే ఒక్కో రైతు పోసే పాలు, మిగతా కేంద్రాల సగటులో సగమే ఉంది. సగటు తక్కువైతే కేంద్రం మూసేస్తామని పైవాళ్లు అప్పటికే చెప్పారు. వేంపల్లె లెక్కలు పంపే అక్కడి ఉద్యోగికి ఈమెయిల్ పెట్టాను: "రైతు సగటుకు మొత్తం పాలను దేనితో భాగించారు? పాలు రాసే కార్డులతోనా, ఇళ్లతోనా?"

అతను వెంటనే ఫోన్ చేశాడు.

"కార్డులతోనే మేడమ్. ఈడ పొద్దున పాలు మొగుని కార్డులో పోస్తారు, సాయంత్రం పాలు పెండ్లాం కార్డులో. ఆమె దుడ్డు ఆమెకుండాల గదా!"

"మిగతా ఊర్లలో ఇంటికి ఒకటే కార్డప్పా. ఆ మాట రాయొద్దా?"

"ఇంతవరకూ ఎవరూ అడగలా మేడమ్!"

అన్ని కేంద్రాలకూ ఇళ్లతోనే భాగించి, ఆ నిర్వచనం పట్టిక కిందే రాసి పంపాము. వేంపల్లె మిగతావాటికి సమానంగా వచ్చింది. కేంద్రం మూయలేదు. ఆ సాయంత్రం ఆఫీసులో రెండో టీ అడిగి మరీ తాగాను.