పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర నా కుడిపిక్క

మెదక్‌లో ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తున్నాను. ఇరవై ఏళ్లుగా జనం కాళ్లూ చేతులూ చూస్తూ బతుకుతున్నాను. అయినా నా సొంత కుడిపిక్క పరుగు చివర్లోనే ఎందుకు పట్టేస్తుందో నాకు అర్థం కాలేదు. అర్థమైందని చెప్పేవాళ్లు మాత్రం చుట్టూ కావలసినంత మంది ఉన్నారు.

నేను ఉరికేది నా కోసం కాదు. మా వీధిలో ఒక టీచరుంది. పుట్టుకతోనే చూపు లేదు, ప్రభుత్వ బడిలో సోషల్ చెబుతుంది. నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమెకు ఉరకాలని కోరిక. ఒక బూటు లేసును రెండు వైపులా ముడేసి, ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకుంటాం. గుంత ఉంటే చెబుతాను, మలుపు ఉంటే చెబుతాను. ముందుకు లాగకూడదు, అది పద్ధతి. నేను ఆగితే ఆమె ఆగాల్సిందే.

నిరుడు అదే జరిగింది. మా ఊళ్లో చలికాలంలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు పెడతారు. చర్చి దగ్గర మొదలై, హవేలిఘనపూర్ వైపు వరిపొలాల మధ్య పోయి, మళ్లీ చర్చి దగ్గరికే రావాలి. పదిహేడో కిలోమీటరు దగ్గర నా పిక్క రాయిలా బిగుసుకుపోయింది. రోడ్డు మీద కూలబడ్డాను. అంబులెన్సులో నన్ను పడుకోబెట్టారు, పక్కన ఆమెను కూర్చోబెట్టారు. ఆమె కాళ్లకు ఏమీ కాలేదు. ఇంకా నాలుగు కిలోమీటర్లు సునాయాసంగా ఉరికేది.  నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పరుగు నిర్వహించే పెద్దమనిషి దవాఖానకు వచ్చి ఆమె వింటుండగానే నాతో అన్నాడు. "వచ్చేసారి ఆమెను అయిదు కిలోమీటర్లల్ల పెడదాం సిస్టర్. పెద్ద రేసు పెట్టుకొని అందరం పరేషాన్ అయ్యుడెందుకు?"

నాకు ఒళ్లు మండింది. "పట్టింది నా కాలు. ఆమెను ఎందుకు తీస్తరు?" అని గట్టిగానే అడిగాను. చివరికి ఇంకొక్కసారి ఒప్పుకున్నాడు. మూడు గంటల్లోపు చేరితే సరి, లేకపోతే ఇక ఎప్పటికీ అయిదు కిలోమీటర్లే. ఆ షరతు విని ఆమె సరేనంది. ఆ సరేలో నా పిక్క మీద ఎంత బరువు పెట్టిందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడాదంతా కారణం కోసం తిరిగాను. మా డాక్టరు సారు, "చెమటల ఉప్పు పోతది, నీళ్లు పోతయి, అందుకే పడుతది" అన్నాడు. ఆ రోజు దవాఖానలో నా రక్తం తీసి చూస్తే సోడియం నార్మలే వచ్చింది. ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. "రక్తంల ఉన్నంత మాత్రాన కండరంల ఉన్నట్టు కాదు" అన్నాడు. సరే అనుకున్నాను. మరి ఉప్పే తక్కువైతే ఒళ్లంతా పట్టాలి కదా, కుడిపిక్క ఒక్కటే ఎందుకు పడుతుంది? దానికి ఆయన, "ఓపీ టైమైంది సిస్టర్" అని లేచిపోయాడు.

టీచరు బడిలోనే ఆటలు నేర్పే పీఈటీ సారుది ఇంకో లెక్క. "ఉప్పు కాదు, నీళ్లు కాదు. కండరం అలిసిపోతే దానికొచ్చే హుకుం తప్పుతది సిస్టర్. ముడుచుకో అనే కబురు వస్తనే ఉంటది, వదులు అనే కబురు తగ్గిపోతది. సాగదీస్తే ఆ వదులు అనే కబురు మళ్ల అందుతది. ప్రాక్టీసుల ఉరికినదానికన్న రేసుల జోరుగ ఉరికితే ఇంక జల్ది పడుతది" అన్నాడు. అది బాగానే అనిపించింది. కానీ ఆయన శిష్యుల్లో ఉప్పు నీళ్లు తాగి బాగుపడ్డామని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. మా ఆయన అయితే, "నరం మీద నరం ఎక్కింది, అంతే" అని తేల్చేశాడు. మా అత్తమ్మ నిమ్మకాయ ఊరగాయలో పైకి తేలే పుల్లటి ఊట చిన్న సీసాలో పోసి, "పట్టినప్పుడు ఒక్క గుక్క మింగు" అంది. కాకిపిల్ల కాకికి ముద్దు. ఎవరి మాట వాళ్లకు సత్యం. నేనేమో అందరి మాటలూ నమ్మాను, ఎవరినీ పూర్తిగా నమ్మలేకపోయాను.

నిరుడు అంబులెన్సులో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే మరీ గందరగోళం. అందులో ఉన్నతను ఒక చేత్తో నా కాలి బొటనవేలు వెనక్కి వంచాడు, ఇంకో చేత్తో సెలైన్ సూది కోసం నరం వెతికాడు. సూది ఎక్కేలోపే పిక్క వదిలిందా, ఎక్కాక వదిలిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాదు. సెలైన్ వల్లే బాగైందని అతను అందరికీ చెప్పాడు. నేనూ తలూపాను.

ఈ ఏడాది పరుగు ముందు రోజు సాయంత్రం భయం పట్టుకుంది. వంటింట్లో ఓఆర్‌ఎస్ పొట్లాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక పొట్లం ఒక లీటరు నీళ్లకు. రోజూ తల్లులకు ఇదే చెబుతాను. తప్పు కలిపితే తిడతాను కూడా. ఆ రోజు మాత్రం అర లీటరు సీసాలో రెండు పొట్లాలు చింపి పోశాను. ఎక్కువుంటే ఎక్కువ మేలు అనిపించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అయ్యింది నా సంగతి.

పొద్దున ఆరింటికి మొదలుపెట్టాం. డప్పులు, జనం, కేకలు. మా ప్రాక్టీసు వేగం కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు. ఆ డప్పులకు మొదటి అయిదు కిలోమీటర్లు ఏడు నిమిషాల లెక్కన పోయాం. తప్పు నాదే. టైము మిగిలితే మంచిదే కదా అనుకున్నాను. "అక్కా, జర జోరుగ పోతున్నమా?" అని ఆమె ఒకసారి అడిగింది. "ఏం కాదు, రా" అన్నాను.

పదో కిలోమీటరుకల్లా ఆ చిక్కటి ఉప్పు తీపి నీళ్లు నా కడుపులో తిప్పడం మొదలుపెట్టాయి. వాంతికొచ్చినట్టయింది. ఇంక తాగలేకపోయాను. వేగం దానంతట అదే తగ్గింది. పదిహేను దాటాక కుడిపిక్కలో సన్నగా అదురు మొదలైంది, చర్మం కింద పురుగు పాకినట్టు. నేను పైకి చెప్పలేదు. చెబితే ఆమె భయపడుతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అసలు భయం నాదే.

పద్దెనిమిదో కిలోమీటరు బోర్డు దగ్గర పట్టేసింది. గడియారంలో రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. లేసు చేతిలోంచి జారిపోయింది, రోడ్డు పక్క మట్టిలో పడ్డాను. నీళ్ల టేబుల్ దగ్గరున్న వాళ్లంతా చుట్టూ మూగారు. ఒకాయన అరటిపండు తొక్క తీశాడు, ఒకామె ఉప్పేసిన నిమ్మరసం తెచ్చింది, ఇంకొకతను స్ప్రే కొట్టబోయాడు. "నీళ్లు మస్తు తాపుండ్రి" అని ఎవరో అన్నారు. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి ఇంకో ప్రమాదమని నాకు తెలుసు. చెప్పే ఓపిక లేదు.

"అందరు జర జరుగుండ్రి" అంది టీచరు. మోకాళ్ల మీద కూర్చుని, నా చెయ్యి దొరకబుచ్చుకుని, అక్కడి నుంచి తడుముకుంటూ నా కాలి దాకా వచ్చింది. పిక్క తాకి, "రాయి తీరుగ ఉన్నది" అంది. ఒక చేత్తో నా మోకాలు నేలకు అదిమి చాపి పెట్టింది. ఇంకో చేత్తో పాదం మునివేళ్లను మెల్లగా నా వైపు వంచి అలాగే పట్టుకుంది. నొప్పికి నాకు కన్నీళ్లు వచ్చాయి. అప్పుడే జేబులోంచి మా అత్తమ్మ సీసా తీసి ఒక గుక్క మింగాను. గొంతు భగ్గుమంది. ఒక నిమిషం గడిచిందో లేదో పిక్క వదిలింది. అది ఆమె చేతుల వల్లనో, ఆ ఊట వల్లనో. మళ్లీ నిరుటి సంగతే.

ఆమె ఇంకా పాదం వదల్లేదు. వంచిన తల ఎత్తకుండానే అంది. "పదిహేను కాడి నుంచే నీ కుడికాలు సప్పుడు మారిందక్కా. ధప్‌మని పడుతుంది."

"మరి చెప్పవేందే?"

"చెప్తే నిమ్మలంగ పోదామంటవ్, టైము పోతదని భయమైంది." మళ్లీ తనే అంది. "నా రేసు కోసం నీ కాలు ఖరాబ్ చేసిన."

 నాకూ అప్పటి నుంచే తెలుసని, నేనూ దాచానని అప్పుడు చెప్పాను. ఇద్దరం ఒకే లేసు పట్టుకుని, మూడు కిలోమీటర్లు ఒకరికొకరం అబద్ధం ఆడుతూ ఉరికాం. పదిహేను దగ్గరే ఒక నిమిషం నడిచి ఉంటే అసలు పడేదాన్ని కాదేమో.

లేచేసరికి ఇంకో ముప్పై నిమిషాలు మిగిలాయి, ఇంకా మూడు కిలోమీటర్లు పైన ఉంది. "ఇప్పుడు నేను చెప్పినట్టు ఉరుకు" అంది ఆమె. మొదట వంద అడుగులు నడిచాం. తర్వాత చిన్న చిన్న అడుగులతో నాలుగు నిమిషాలు ఉరకడం, ఒక నిమిషం నడవడం. ఆమె నా అడుగులు వింటూ వచ్చింది. నాకు అదురు తెలియకముందే, "నడువు" అనేది. నడిచేదాన్ని. దారి నేను చెప్పాను, కాలు ఆమె చెప్పింది. కడుపు తిప్పుతోందని చెప్పాను. "కక్కితే కక్కు, ఆగకు" అంది. రెండుసార్లు నిలబడి పిక్క సాగదీసుకున్నాను. ఇంకోసారి ఊట మింగాను. ఏది పనిచేస్తోందో ఎంచే తీరిక లేదు.

ఆఖరి మలుపులో చర్చి శిఖరం కనబడింది. రెండు గంటల యాభై ఏడు నిమిషాలు. పిక్క మళ్లీ అదిరింది. "అదురుతుంది" అన్నాను, ఈసారి దాచకుండా. ఆమె వెంటనే నడక పట్టింది. పక్కన జనం ఉరుకుండ్రి ఉరుకుండ్రి అని అరుస్తున్నారు. ఆమె మాత్రం నడిచింది. ముగింపు గీత దగ్గర దారి చూపే గైడు వెనకుండాలి, ఆమె ముందు దాటాలి. నేను అర అడుగు వెనక్కి తగ్గాను. రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాలకు ఆమె గీత దాటింది.

పెద్దమనిషి వచ్చి ఆమె మెడలో పతకం వేశాడు. ఇంట్లో మా అత్తమ్మ ఊరగాయ గెలిచిందంది. డాక్టరు సారు ఓఆర్‌ఎస్ అన్నాడు, రెండు పొట్లాల సంగతి ఆయనకు చెప్పలేదు. పీఈటీ సారు సాగదీసుడు, నిమ్మలంగ ఉరుకుడు అన్నాడు. నాకు ఆయన మాటే ఎక్కువ నిజమనిపిస్తుంది, అయినా సీసా జేబులో పెట్టుకోవడం మానలేదు.

మొన్న పొద్దున మళ్లీ ప్రాక్టీసుకు పోయాం. లేసు కొస నా చేతికిచ్చే ముందు ఆమె అడిగింది. "కాలు ఎట్లుందక్కా? నిజం చెప్పు."

"కొంచెం గుంజుతుంది" అన్నాను.

"అయితే ఇయ్యాల నడుద్దాం" అని లేసు చేతికిచ్చింది.