ఖాళీ పేజీల మీద సంతకం

2022 నవంబరు. తిరువూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను, వాళ్ళ క్లాస్ టీచర్నీ నేనే. ఇప్పటికీ అదే పని. పిల్లలు నన్ను చూసి కాస్త జడుస్తారు, తల్లిదండ్రులు ఇంకాస్త జడుస్తారు. నోరు పెద్దదని పేరు లెండి. అలాంటి నేను ఒక తండ్రికిచ్చిన జవాబు తప్పని ఒప్పుకుని మళ్ళీ రాయాల్సి వచ్చింది.

మా క్లాసు కెజియాది వినగడప ఊరు. షేర్ ఆటోలో వచ్చి చదువుకునేది. జూలైలో జ్వరమని ఇంటికెళ్ళిన పిల్లకి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. విజయవాడలో ఆసుపత్రి, ఆపైన ఇంట్లో మందులు. దీపావళి దాటాక గానీ బడికి పంపొచ్చని డాక్టరు అనలేదు. అదీ ముందు ఒంటిపూటే.

పంపే ముందు వాళ్ళ నాన్న ప్రసాదరావు గారు ఒక కాగితం పంపారు. పత్తి వేసే రైతు. ఆయన అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి. "మేడమ్ గారికి నమస్కారం. మా అమ్మాయికి నాలుగు నెలల పాఠాలు పోయాయి. ఏమేం పోయాయో చెబితే ఎలాగైనా చదివించుకుంటాం. భయంగా ఉంది" అని రాశారు.

నేనేం చేశానంటే, క్లాసులో బాగా రాసే పిల్ల నోట్సు తీసుకుని పేజీ పేజీకీ ఫొటో కొట్టి వాట్సాప్‌లో పంపేశాను. నూటికి పైనే ఉంటాయి. కింద "ఇవన్నీ పూర్తి చేయించండి" అని ఒక ముక్క. పావుగంటలో పని తెమిలిపోయిందని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మూడు వారాలకి ప్రసాదరావు గారు నోటు పుస్తకాలతో స్టాఫ్‌రూముకి వచ్చారు. పక్కన కెజియా, చున్నీ కొస మెలిపెడుతూ నిలబడింది.

"మీరు పంపినవన్నీ ఎక్కించామండి. ఒక్క పేజీ కూడా వదల్లేదు."

తెరిచి చూశాను. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా. "ఇవి ఎవరు రాశారండీ?"

ఆయన తల దించుకున్నారు. "పాపకి చెయ్యి నొప్పి పుడుతోందండి. పొద్దున్నే లేచి పత్తి తీతకి పోయేలోపు నేనే రాసేవాణ్ణి. నోట్సు ఖాళీగా ఉంటే మీరు సంతకం పెట్టరు కదా."

నిజమే. నోట్సు నిండకపోతే సంతకం పెట్టేదాన్ని కాదు. అది నా నియమం, క్లాసంతా ఎరిగిందే. ఆ నియమానికి భయపడి ఒక రైతు తనకి రాని లెక్కలన్నీ ఎత్తి రాశాడు. సిగ్గేసింది నాకు.

"అయినా బుర్రకెక్కట్లేదండి. రోజూ బట్టీ పట్టిస్తున్నాం. పుస్తకం తీస్తే ఏడుస్తోంది, బడంటే కడుపునొప్పంటోంది. పోనీ వచ్చే ఏడు మళ్ళీ ఏడులోనే కూర్చోబెట్టండి మేడమ్."

కెజియా ఒక్కసారి తలెత్తి నావంక చూసింది. దాని స్నేహితులంతా ఎనిమిదికి పోతారు, అది చిన్న పిల్లల మధ్య మిగిలిపోతుంది. జబ్బు చేసినందుకు శిక్షా? "తొందరపడకండి. నాకు ఒక వారం ఇవ్వండి" అన్నాను.

మా వృత్తిలో డయాగ్నస్టిక్ టెస్టు అని ఒకటుంది. మార్కుల కోసం కాదు, పిల్ల ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడానికి. ఏం పోయిందని మొదటినుంచీ ఏకరువు పెట్టకూడదు. రేపు చెప్పబోయే పాఠానికి ముందుగా ఏం వచ్చి ఉండాలి, దానికి ముందు ఏం రావాలి, అలా వెనక్కి నడవాలి. డిసెంబరులో నేను మొదలెట్టబోయేది బీజీయ సమాసాలు, అంటే అక్షరాలతో కూడికలు, తీసివేతలు. కెజియాని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పాఠానికి ఒక్కో చిన్న లెక్క ఇచ్చాను.

ఇరవైలో నాలుగింట మూడు వంతులు ఎంతంటే నోటితోనే పదిహేనంది. భిన్నాలు కిందటేడువే, పదిలంగా ఉన్నాయి. కోణాలు బొమ్మ చూసి చెప్పేసింది. "x కి ఏడు కలిపితే నాలుగు. x ఎంతే?" అన్నాను.

"ఏడు అటెళ్తే మైనస్ అవుద్ది మేడమ్. నాలుగు మైనస్ ఏడు... మూడు."

ఆగాను. సమీకరణంలో అంకెని అటు జరపడం వచ్చు, నాన్న రాసింది చూసి నేర్చుకుంది. నాలుగులోంచి ఏడు తీయడమే రాదు. సున్నాకి కిందనుండే అంకెలు, జూలైలో అది మంచాన పడ్డ వారం చెప్పిన పాఠం! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. నాకు కావలసింది ఆ ఎలుకే.

వరండాలో టైల్స్ మీద నిలబెట్టాను. "నువ్వు నిలబడ్డది సున్నా. నాలుగు గళ్ళు ముందుకెళ్ళు. ఇప్పుడు ఏడు వెనక్కి రా." వచ్చింది. కిందకి చూసుకుంది. "సున్నాకి మూడు గళ్ళు వెనకున్నాను మేడమ్... మైనస్ మూడా?" అంటూ నవ్వింది. బడికొచ్చాక అది నవ్వడం అదే మొదలు.

ఆ రోజే ప్రసాదరావు గారికి రెండో జవాబు రాశాను. ఫొటోలు లేవు, ఒకే పేజీ.

"ప్రసాదరావు గారూ, నేను పంపిన ఫొటోలు తీసేయండి. తప్పు నాది. కెజియాకి ఇప్పుడు కావలసినవి రెండే: రుణ సంఖ్యలు, ఆ తర్వాత సమీకరణాలు. అవి నేను భోజనం బెల్లులో చెబుతాను. సగటు, మధ్యగతం పాఠం సెలవుల్లో చూసుకోవచ్చు, దాని కోసం ఏదీ ఆగదు. ఇంట్లో అరగంట చాలు, అలిసిపోతే అదీ వద్దు. ఆ అరగంటలో ముందు రేపటి పాఠం ఒకసారి చదవమనండి. పాతది ఎంత వెనకున్నా, రేపు క్లాసులో కొంచెం అర్థమైతే పిల్లకి ధైర్యం వస్తుంది. బట్టీ వద్దు. నేర్చుకున్నది మీకు చెప్పమనండి. మీకు అర్థమయ్యేదాకా అడగండి. మీకు అర్థమైతే దానికి వచ్చినట్టే. ఎనిమిది సంగతి ఫిబ్రవరిలో మాట్లాడుకుందాం."

మర్నాడే ఆయన ఫోను. "మరి మిగతా సబ్జెక్టుల ఖాళీ పేజీలు మేడమ్?"

"పుస్తకాలు పంపండి" అన్నాను. మిగతా టీచర్లనీ ఒప్పించాను. ఖాళీ పేజీల పైన "ఈ పాఠం జరిగినప్పుడు కెజియాకి ఒంట్లో బాలేదు. రాయనక్కర్లేదు" అని రాసి సంతకాలు పెట్టాం. ఖాళీ పేజీ మీద సంతకం పెట్టడం నా సర్వీసులో అదే మొదటిసారి.

వెంటనే అంతా చక్కబడిందని చెప్పను. సంక్రాంతి ముందు మళ్ళీ వారం రోజులు దగ్గుతో రాలేదు. యూనిట్ టెస్టులో ఇరవై అయిదుకి పదకొండు. "పదకొండేనా" అని అది ముఖం వేలాడేస్తే, "తప్పులు చూశావా? మైనస్ దగ్గర ఒక్కటీ లేదు పో" అన్నాను. కడుపునొప్పి మాత్రం మళ్ళీ వినబడలేదు.

ఫిబ్రవరిలో ప్రసాదరావు గారు వచ్చారు. మార్కుల కాగితం ముందుకు జరిపితే చూడలేదు. "ఒక లెక్క ఇవ్వండి మేడమ్" అన్నారు.

"ఎవరికండీ?"

"నాకేనండి. నాలుగులోంచి ఏడు ఎలా తీస్తావని దానితో రెండ్రోజులు వాదించాను. వాకిట్లో పుల్లతో గీతలు గీసి నన్ను నడిపించింది. ఇవ్వండి."

x కి తొమ్మిది కలిపితే అయిదు అని రాసిచ్చాను. పెన్ను తీసుకున్నారు. పెదవులు కదుపుతూ, బల్ల కింద పాదం ఒక్కో అడుగే వెనక్కి జరుపుతూ లెక్కపెట్టారు. గుండ్రటి అక్షరాలతో మైనస్ నాలుగు అని రాశారు.

ఇప్పుడు జబ్బుచేసిన పిల్లల తల్లిదండ్రులు ఏమేం పోయాయని అడిగితే నేను జాబితా పంపను. రేపటి పాఠానికి ఏం కావాలో పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వెతుకుతాను. ఆ పని నాకు నేర్పింది ఆ తండ్రీకూతుళ్ళే.

ఆ రోజు కాగితం నావైపు తిప్పి ఆయనన్న మాట ఇంకా చెవుల్లో ఉంది. "నాకు అర్థమైంది మేడమ్. ఇక దాన్ని ఎనిమిదికి పంపేయండి."