స్కానర్ కనబడని మధ్యాహ్నం

మా ఆయన పోయినంక జిరాక్స్ షాపు నేనే నడుపుతున్న. సిద్దిపేట బస్టాండు పక్క సందుల చిన్న మడిగె. ఆయన ఉన్నప్పుడు నేను గిరాకీలతోటి మాట్లాడేదాన్ని, మిషన్ల సంగతంత ఆయనే చూసుకునేటోడు.

ఆ రోజు షాపు తెరిచేసరికి కంప్యూటర్ దానంతట అదే అప్‌డేట్ అయి ఉన్నది. నేను పట్టించుకోలే. మధ్యాహ్నం ఒక పెద్దామె వచ్చింది. వేములఘాట్ ఆమె. ఊరు ప్రాజెక్టు మునుగుడుల పోయినంక, సర్కారు ఇచ్చిన కాలనీల ఒక్కతే ఉంటదట. సంచిల నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, పాత ఫోటో ఒకటి నా చేతిల పెట్టింది. ఇంటి ముందట ఆమె, ఆమె పెనిమిటి నిలబడి ఉన్నరు.

“గిది పెద్దగ జేసియ్యి బిడ్డా. ఫోన్ల తీస్తే మెరుస్తది.”

ఫోటోను స్కానర్ అద్దం మీద పెట్టి బటన్ నొక్కిన. స్కానర్ దొరుకుతలేదని తెర మీద వచ్చింది. దాని లైటు వెలుగుతనే ఉంది, కంప్యూటర్‌కు మాత్రం కనబడ్తలేదు.

“జర ఆలస్యమైతది పెద్దమ్మా. రేపు వస్తవా?”

“ఇంటికి వోయి ఏం జెయ్యాలె? గీడనే కూసుంట.”

అప్‌డేట్ తోటి డ్రైవర్ ఖరాబైందనుకున్న. పాత డ్రైవర్ తీసేసి, కంప్యూటర్ బంద్ జేసి మళ్ల చాలు చేసిన. కంపెనీ సైటు నుంచి కొత్తది దింపుకుని ఎక్కించిన. సగంల ఆగి, స్కానర్ వైరు పీకి మళ్ల పెట్టుమన్నది. పెట్టిన. కదల్లే. కంప్యూటర్ వెనుక వేరే యూఎస్‌బీ సందుకు మార్చిన. అదే మాట. ఆయనుంటే ఏమనేటోడో అని కీబోర్డు మీద చేతులు పెట్టి ఊకె కూసున్న.

“ఏందమ్మా, ఏడుస్తున్నవా?”

“లేదు పెద్దమ్మా.”

ఆమె లేచొచ్చి నా పక్క స్టూలు మీద కూసున్నది.

చివరికి ప్రింటర్ వెనుక వైరు చూసిన. రెండు వైర్లదీ ఒక్క తీరు చదరపు పిన్నే. దాన్ని పీకి స్కానర్‌కు పెట్టిన. టంగుమని మోగింది. ఆగిన ఇన్‌స్టాలేషన్ ముందుకు నడిచింది. అప్‌డేట్‌ది ఏం తప్పు లేదు, పాత కేబులే లోపల ఎక్కడనో తెగింది.

స్కానర్ లైటు ఫోటో కింద మెల్లగ జరుగుతుంటే ఇద్దరం చూసినం. తెర మీద ఆ ఇల్లు పెద్దగ వచ్చింది. పెద్దామె దగ్గరికి వంగింది.

“ఆయన అంగీ గుండీ తప్పు పెట్టుకున్నడు సూడు. గప్పుడు నేను సూడనే లేదు,” అని నవ్వింది. కొంచెం సేపు నవ్వుతనే ఉన్నది.

వైరు మళ్ల ప్రింటర్‌కు మార్చి బొమ్మ తీసిచ్చిన. అట్టల చుట్టుకుని, కొంగు కింద పెట్టుకుని బస్సుకు పోయింది.

షాపుల మళ్ల ఎవ్వల్లేరు. తప్పు కేబుల్‌ది అని, నేనే కనిపెట్టిన అని ఎవరికన్నా చెప్పాలనిపించింది. ఫోన్ తీసి పేర్లన్నీ పైకి కిందికి జరిపిన. గా మాట విని సంబురపడేటోళ్లు ఒక్కరు కూడ కనబడలే. ఫోన్ పక్కకు పెట్టి, కొత్త కేబుల్ కొనుక్కొద్దామని షట్టర్ సగం దించిన.